ఇరవై ఊళ్ళ జాబితా, నాలుగు ప్రయాణాలు

అరకు, లంబసింగి, పాపికొండలు, గండికోట, బేలం గుహలు, లేపాక్షి, అహోబిలం, హంపి, అజంతా–ఎల్లోరా, రామప్ప, కుంటాల జలపాతం, నేలపట్టు పక్షులు, మున్నార్, కాశీ, కేదార్‌నాథ్, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, లద్దాఖ్, శ్రీనగర్ తులిప్ తోట, కచ్ తెల్ల ఎడారి, మేఘాలయ.

గుంటూరులో మా అక్క వాళ్ళింట్లో ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన జాబితా ఇది. అందులో వద్దనదగ్గ ఊరు ఒక్కటీ లేదు. అయినా ఒక్కదానికీ వెళ్ళలేదు. సెలవులు వచ్చిన ప్రతిసారీ ఇరవై పేర్లూ ఒకేసారి ముందుకొస్తాయి. ఒకరు చలి ప్రదేశం అంటారు, ఇంకొకరు గుడి అంటారు. మాట తేలేలోపు రైల్లో బెర్తులు అయిపోతాయి. చివరికి హైదరాబాదులో చుట్టాలింటికి పోయి వస్తారు.

ఈసారి కూర్చుని తేల్చేద్దామనుకున్నారు. దానికి బలమైన కారణమే ఉంది. అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వస్తోంది. ఆ తర్వాత పదో తరగతి, దాని వెంటనే రెండేళ్ళ ఇంటర్. ఈ విద్యా సంవత్సరం దాటితే అందరూ కలిసి ఊరు కదలడం మూడేళ్ళపాటు కష్టమే. బావ బ్యాంకులో పనిచేస్తాడు, అక్క ప్రభుత్వ బడిలో టీచరు, అబ్బాయి ఐదో తరగతి. నానమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఈ ఐదుగురికీ కుదిరే ప్రయాణాలు ఏవో తేలాలి.

ఇలాంటి జాబితాను తగ్గించేటప్పుడు చాలామంది ముందు ఖర్చు చూస్తారు, లేకపోతే దూరం చూస్తారు. నా అనుభవంలో అవి రెండూ తర్వాతి మాట. ముందు చూడాల్సింది, ఆ పేరు అక్కడికి ఎందుకొచ్చిందన్నది. అందుకే మొదటి పని చిన్నదే పెట్టుకున్నాం. ప్రతి పేరు పక్కనా, అక్కడ కళ్ళారా ఏం చూడాలని ఉందో ఒక్క ముక్కలో రాయాలి. ఎవరు రాయించారో వాళ్ళే చెప్పాలి.

పేరు పక్కన కారణం

ఈ ఒక్క పనితోనే సగం చిక్కు విడిపోయింది. మున్నార్ రాయించింది అమ్మాయి. కారణం నీలకురింజి పూలు. అవి పన్నెండేళ్ళకోసారి కొండంతా విరబూస్తాయి. కిందటిసారి 2018లో పూశాయి, మళ్ళీ పూసేది 2030లో. టీ తోటల కోసమైతే మున్నార్‌కు ఎప్పుడైనా వెళ్ళొచ్చు గానీ, అమ్మాయికి కావాల్సింది కురింజి. కాబట్టి ఆ పేరును కొట్టేయలేదు, 2030 అని రాసి విడిగా పెట్టాం. అప్పటికి తనే డిగ్రీలో ఉంటుంది, స్నేహితులతో వెళ్ళగలదు.

మేఘాలయ దగ్గర ఇంకో సంగతి బయటపడింది. అబ్బాయి డాకీ నది ఫొటో చూసి రాయించాడు. అందులో నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే పడవ గాల్లో తేలుతున్నట్టే కనిపిస్తుంది. అక్కకు కావాల్సిందేమో చిరపుంజి జలపాతాలు. ఒకే రాష్ట్రం కదా, రెండూ ఒకేసారి చూడొచ్చనుకున్నారు. కానీ జలపాతాలు హోరెత్తేది వానాకాలంలో. ఆ వానలకే డాకీ నది మట్టిరంగుకు తిరుగుతుంది. నీళ్ళు మళ్ళీ తేటపడేది నవంబరు తర్వాత. అప్పటికి జలపాతాలు సన్నబడిపోతాయి. అంటే జాబితాలో ఒకే పేరుగా ఉన్నది నిజానికి రెండు వేర్వేరు ప్రయాణాలు. ఏ నెలలో వెళ్ళినా ఇద్దరిలో ఒకరు చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు.

ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే మనం మొదట వెతికేది 'అక్కడికి ఏ నెలలు మంచివి' అని. అక్కడే తప్పటడుగు పడుతుంది. కాలం ఊరికి ఉండదు, మనం వెళ్ళే కారణానికి ఉంటుంది. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచే ఉంటుంది. అది చూసి సెప్టెంబరు చివర్లో వెళ్తే పచ్చిక ఎండుతూ కనిపిస్తుంది. పూలు నిండుగా ఉండేది జులై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకానే. అరకు లోయ ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, కానీ అక్క రాయించింది వలిసె పూల కోసం. కొండవాలు పసుపుపచ్చగా మారేది నవంబరు, డిసెంబరుల్లో మాత్రమే.

లద్దాఖ్ దగ్గర మాత్రం ఎవరూ కారణం చెప్పలేకపోయారు. అందరూ వెళ్తున్నారు కాబట్టి రాశామన్నారు. లేహ్ పట్టణమే మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగినవాళ్ళు శరీరం అలవాటుపడడానికి ఒకటి రెండు రోజులు కదలకుండా ఉండాలి. అంత తపన లేని చోటికి అంత కష్టం ఎందుకని అక్కే కొట్టేసింది. కారణం రాయమన్నప్పుడు కలం ఆగిపోయే పేర్లు ఏ జాబితాలోనైనా ఒకటో రెండో ఉంటాయి. వాటిని తీసేయడానికి వెనకాడక్కర్లేదు.

మిగిలిన కారణాలను పక్కపక్కన పెట్టి చూస్తే గుంపులు వాటంతటవే కనిపించాయి. హంపి, లేపాక్షి, గండికోట, బేలం, అజంతా–ఎల్లోరా, రామప్ప రాళ్ళూ శిల్పాల గుంపు. పాపికొండలు, కుంటాల, మేఘాలయ నీళ్ళ గుంపు. అరకు, లంబసింగి, తులిప్ తోట, పూల లోయ చలీ పూల గుంపు. కాశీ, కేదార్‌నాథ్, అహోబిలం దైవదర్శనాలు. నేలపట్టు, కచ్ ఒంటరిగా మిగిలాయి. రాళ్ళ గుంపు పెద్దదిగా ఉందంటే ఆ ఇంట్లో వాళ్ళకు నిజంగా ఇష్టమైనదేదో తెలుస్తోంది. అలాగని ఏడాదిలో మూడు రాతి గుళ్ళకు వెళ్తే మూడోదాని దగ్గర పిల్లలు బస్సు దిగరు. అందుకే గుంపుకొకటి చాలనుకున్నాం. రెండోది అవసరానికి పనికొచ్చే ప్రత్యామ్నాయంగా ఉంటుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సెలవులు మూడే దఫాలు

బడికెళ్ళే పిల్లలున్న తెలుగింటికి ఏడాదిలో పెద్ద సెలవులు మూడుసార్లే వస్తాయి. దసరా, సంక్రాంతి, ఎండాకాలం. మధ్యలో ఆదివారానికి అటో ఇటో పండగ కలిసిన చిన్న సెలవులు కొన్ని. కారణాల పక్కన రాసిన నెలలను ఈ మూడింటి మీద పెట్టి చూస్తే, ఇష్టాయిష్టాలతో పని లేకుండానే కొన్ని పేర్లు తప్పుకుంటాయి.

శ్రీనగర్ తులిప్ తోట మార్చి చివర్లో తెరుచుకుని నెల రోజులు ఉంటుంది. అప్పుడు పరీక్షలు. పూల లోయ జులై, ఆగస్టు నెలల్లో. అప్పుడు బడులు నడుస్తుంటాయి. పిల్లలకు బడి మాన్పించొచ్చు కదా అని బావ అన్నాడు గానీ, టీచరైన అక్కకు ఆ మాట నచ్చలేదు. ఈ రెండు పేర్లూ పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాక చూసుకునే కాగితంలోకి వెళ్ళిపోయాయి.

ఎండాకాలం సెలవులే అన్నిటికన్నా పెద్దవి. కానీ మన జాబితాల్లో ఎక్కువ ఊళ్ళకు అవే పనికిరాని రోజులు. గండికోటలో, హంపిలో మే నెల రాతి మీద నడవడం పెద్దవాళ్ళకు ప్రమాదం. కాశీలో కూడా అప్పుడు నలభై డిగ్రీలు దాటే ఎండ. ఆ సెలవులకు సరిగ్గా సరిపోయేది ఈ జాబితాలో కేదార్‌నాథ్ ఒక్కటే.

సంక్రాంతికి ఇంకో చిక్కు. వాతావరణం చూస్తే రాతి గుళ్ళకూ పక్షులకూ అంతకన్నా మంచి రోజులుండవు. కానీ భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఇల్లు వదిలి రాలేరు. కాబట్టి సెలవులు ఎన్నున్నా ప్రయాణానికి మిగిలేది భోగికి ముందు నాలుగు రోజులే. పైగా ఆ వారంలో రైళ్ళన్నీ హైదరాబాదు నుంచి కోస్తాకు జనాన్ని మోస్తుంటాయి. పడమటి వైపు, అంటే గుంతకల్లు, హోస్పేట వైపు పోయే రైళ్ళలో అంత తాకిడి ఉండదు.

కాశీ గురించి ఎక్కువసేపు మాట్లాడుకున్నాం, ఎందుకంటే అది నానమ్మ కోరిక. ఆమె వయసు చూస్తే వాయిదా వేయదగ్గ పేరు కాదు. సంక్రాంతికి వెళ్దామంటే డిసెంబరు, జనవరిలో గంగా మైదానమంతా పొగమంచు. రైళ్ళు గంటలకు గంటలు ఆలస్యమవుతాయి. దసరాకు వెళ్దామంటే, దసరా తొందరగా వచ్చిన ఏడాది గంగ ఇంకా నిండుగా పారుతుంటుంది. వరద ఎక్కువైతే ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. ఇక్కడ పంచాంగం సాయం చేసింది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో తర్వాతి పండగలన్నీ వెనక్కి జరిగి, విజయదశమి అక్టోబరు 20న పడింది. ఆ రెండున్నర వారాల తేడాలో వానలు వెనుదిరుగుతాయి, నది దిగుతుంది, చలి ఇంకా మొదలవదు. అధిక మాసం వచ్చిన ఏడాది దసరా సెలవులు ఉత్తరాది నదీ తీరాలకు వెళ్ళడానికి మామూలు ఏడాదికన్నా అనువుగా ఉంటాయి. ప్రయాణాలు వేసుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పాపికొండలు కూడా మొదట దసరాకే అనుకున్నారు. నేను గట్టిగా వద్దన్నాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. అది మరిచిపోకూడని దుర్ఘటన. వరద కాలంలో అధికారులు బోట్లు ఆపేస్తారు. మళ్ళీ అనుమతించాక కూడా నది కాస్త కుదురుకోనివ్వడం మంచిది. నీళ్ళు నిలకడగా, గాలి చల్లగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలే దానికి తగిన కాలం. ఈ పేరును వెనక్కి నెట్టకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. జలాశయం ఆ మట్టానికి నిండాక ఈ గట్లూ ఇసుక తిన్నెలూ ఇప్పుడున్నట్టు ఉండవు. హంపి పదేళ్ళ తర్వాతా అక్కడే ఉంటుంది. ఈ గోదావరి ఒడ్డు ఇలాగే ఉండదు.

శ్రమను ఎలా కొలవాలి

కాలం చూశాక ఇంకా పది పేర్ల దాకా మిగిలాయి. ఇక శ్రమ లెక్క. దీన్ని కిలోమీటర్లలో కొలిస్తే పొరపాటు. మేము మూడు సంగతులు చూశాం. ఇంటి గడప దాటినప్పటి నుంచి చూడాల్సినది కంటపడే దాకా ఎన్ని గంటలు? మధ్యలో ఎన్నిసార్లు బండి మారాలి? అక్కడికి చేరాక అందరిలోకీ తక్కువ నడవగలిగే మనిషి ఎంత నడవాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి? ఈ మూడో ప్రశ్నకు నానమ్మను అడిగే జవాబు రాయాలి. ఆమె తరఫున మనం ఊహించుకుని 'నడిచేస్తుందిలే' అని రాసేస్తే, అక్కడికెళ్ళాక బాధపడేది ఆమే.

గంటల లెక్కకు ఒక కొలమానం పెట్టుకున్నాం. వెళ్ళడానికి ఒక రాత్రి పడితే అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలి. పగలూ రాత్రీ కలిపి ఒకటిన్నర రోజు పడితే నాలుగు రాత్రులు ఉండాలి. అన్ని రోజులు దొరకకపోతే ఆ ప్రయాణం ఆ సెలవులకు కాదు. ఫోనులో మ్యాపు చూపించే సమయాన్ని మైదానంలో నమ్మొచ్చు, కొండల్లో నమ్మకూడదు. విశాఖ నుంచి అరకు నూట పదిహేను కిలోమీటర్లే, కానీ కారులో ఆగుతూ పోతే సగం రోజు గడిచిపోతుంది. ఘాట్ రోడ్డయితే మ్యాపు చెప్పిన దానికి సగం కలుపుకోవాలి.

ఈ లెక్కలో కేదార్‌నాథ్ ఎలా తేలిందో చెబుతాను. గుంటూరు నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, తర్వాత ఒక రోజంతా కొండ దారిలో సోన్‌ప్రయాగ్, అక్కడ జీపు మారి గౌరీకుండ్, ఆపైన పదహారు కిలోమీటర్లకు పైగా కాలినడక. గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. పోనూరానూ పది రోజులకు తగ్గదు. గుర్రాలూ డోలీలూ ఉంటాయి గానీ, మోకాళ్ళ నొప్పి తీరినా పలచటి గాలికి అవి పరిష్కారం కాదు. నానమ్మ తనే అంది: "నేను కాశీ వెళ్ళొస్తే చాలు, కేదారం మీరు వెళ్ళండి." అప్పుడు ఆమెను ఎవరి దగ్గర వదలాలన్న ప్రశ్న వచ్చింది. చివరికి దాన్ని కుటుంబ జాబితాలోంచి తీసి బావ సొంత జాబితాలో పెట్టాం. ఆయన మరుసటి ఏడాది మే నెలలో స్నేహితులతో వెళ్తాడు. గుడి తలుపులు తెరిచే తేదీని శివరాత్రి నాడు ప్రకటిస్తారు. యాత్రకు ముందుగా పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. ఆయన రోజూ నడక మొదలుపెట్టాల్సింది మాత్రం శివరాత్రికి ఎంతో ముందే. ఇంటిల్లిపాదీ వెళ్ళలేనిదాన్ని ఇంటి జాబితాలో ఉంచితే అది ఏటేటా చర్చను తినేస్తుంది. ఎవరు వెళ్ళగలరో వాళ్ళ పేరు మీదకు మార్చితే జరుగుతుంది.

కచ్, మేఘాలయ కూడా శ్రమ దగ్గరే ఆగిపోయాయి. వానాకాలంలో నీళ్ళు నిలిచిన కచ్ ఎడారి ఆరి తెల్లబడేది చలికాలంలో. మనకప్పుడు దొరికేది భోగికి ముందు నాలుగు రోజులు. భుజ్‌కు రైల్లో వెళ్ళి రావడానికే అవి సరిపోవు. మేఘాలయ కూడా అంతే. పైగా నాంగ్రియాట్‌లోని వేళ్ళ వంతెన చూడాలంటే మూడు వేలకు పైగా మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాలి. అబ్బాయికి కాస్త కష్టంగానే అనిపించింది గానీ, పదో తరగతి అయ్యాక తన అక్కతో కలిసి వెళ్ళొచ్చని ఒప్పుకున్నాడు.

అరకు లెక్క మాత్రం హాయిగా కుదిరింది. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి విశాఖ. అక్కడే పొద్దున కిరండూల్ రైలెక్కితే యాభైకి పైగా సొరంగాలు దాటుతూ కూర్చున్నచోటే కొండలన్నీ చూడొచ్చు. నానమ్మకు మెట్ల బాధ లేదు. బొర్రా గుహల్లో మాత్రం మెట్లున్నాయి, ఆమె పైనే కూర్చుంటానంది. లంబసింగి కూడా అదే జిల్లా కాబట్టి కలిపేద్దామని బావ అన్నాడు. కానీ రెండూ పక్కపక్కన లేవు. పాడేరు మీదుగా గంటల తరబడి ఘాట్ రోడ్డు. పైగా అక్కడి మంచు చూడాలంటే తెల్లవారుజామునే చేరాలి. రెండు రోజుల్లో రెండింటినీ ఇరికిస్తే రెండిట్లోనూ కారు అద్దంలోంచే చూడాల్సి వస్తుంది. లంబసింగిని వదిలేశాం.

హంపికి గుంటూరు నుంచి నేరుగా రైలుంది. హుబ్లీ వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే మరుసటి ఉదయం హోస్పేట. అక్కడి నుంచి ఆటోలో పదమూడు కిలోమీటర్లు. ఒక రాత్రి ప్రయాణం, రెండు రాత్రుల మజిలీ. భోగికి ముందు నాలుగు రోజుల్లో అచ్చంగా ఇముడుతుంది. ఒక రోజు విరూపాక్షాలయం, హేమకూటం. మరో రోజు విఠలాలయం, కమలమహలు వైపు. మాతంగ పర్వతం పిల్లలూ బావా తెల్లవారుజామున ఎక్కుతారు, నానమ్మా అక్కా విరూపాక్షుడి దగ్గర ఉంటారు.

అడ్డం వస్తే ఏం చేయాలి

చివరికి మిగిలినవి నాలుగు. అక్టోబరులో కాశీ, నవంబరు చివర్లో అరకు, భోగికి ముందు హంపి, ఫిబ్రవరిలో ఒక శనాదివారాలకు పాపికొండలు. మొదటిది తొమ్మిది రోజులు, చివరిది రెండు రోజులు. పెద్ద ప్రయాణం ఒక్కటే పెట్టుకున్నాం. నాలుగూ పెద్దవైతే ఇంటి డబ్బులూ బావ సెలవులూ రెండూ చాలవు.

కానీ మన కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. గట్టి వానలకు అరకు రైలు దారిలో కొండ రాళ్ళు జారి రైళ్ళు ఆగిపోవడం కొత్త కాదు. ప్రయాణం రద్దయితే మళ్ళీ ఇరవై పేర్లూ బయటికి తీయకూడదు. అందుకే ప్రతిదాని పక్కనా, అదే గుంపులోంచి లేక అదే కాలంలోంచి, దానికన్నా తక్కువ శ్రమ ఉన్న పేరును ప్రత్యామ్నాయంగా రాశాం. అరకు కుదరకపోతే నేలపట్టు. అక్కడ చలికాలమంతా గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. జాతీయ రహదారి పక్కనే కాబట్టి ముందు రోజు రాత్రి అనుకున్నా వెళ్ళొచ్చు. హంపికి బెర్తులు దొరక్కపోతే కారులో గండికోట, బేలం. రెంటికీ మధ్య అరవై కిలోమీటర్లు. బేలం నుంచి కాస్త పక్కకు వెళ్తే తాడిపత్రి వస్తుంది. జాబితాలో ఆ పేరే లేదు. కానీ అక్కడి బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణాలయం విజయనగర కాలపు శిల్పానికి మంచి నమూనాలు. గుంపులు కట్టి చూడడం వల్ల ఇలా మనకు తట్టని ఊరొకటి తోడవుతుంది. ఆ దారిలో శ్రమ తక్కువే, కాకపోతే బేలం లోపల ఉక్కగా ఉంటుంది. నానమ్మ గండికోట కొండకొమ్ము వరకూ వెళ్ళి పెన్న లోయ చూస్తే చాలంది.

లేపాక్షి, అహోబిలం, అజంతా–ఎల్లోరా, రామప్ప, కుంటాల తర్వాతి ఏడాది కాగితంలో ఉన్నాయి. అజంతా సోమవారం, ఎల్లోరా మంగళవారం మూసి ఉంటాయని పక్కన రాసిపెట్టాం. వరుసగా మూడు రోజులు పెట్టుకున్నా వారం చూసుకోకపోతే ఒకటి తప్పిపోతుంది.

తుది జాబితా సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి రోజువారీ కాగితం వేసి చూడాలి. వరుసగా ప్రతి రాత్రికీ వేరే హోటలు పేరు కనిపిస్తే, తెలియని ఊరికి చీకటి పడ్డాక చేరేలా ఉంటే, ఏ పనీ లేని పూట ఒక్కటీ లేకపోతే శ్రమ లెక్క తప్పినట్టే. మా కాశీ కాగితంలో మొదట గయ, ప్రయాగ, అయోధ్య కూడా ఉన్నాయి. నాలుగు రాత్రుల్లో మూడు కారులోనే గడిచేలా తేలింది. గయ, అయోధ్య తీసేసి ప్రయాగకు ఒక పూట ఉంచాం. రెండు పూటలు ఖాళీగా వదిలాం, నానమ్మ గంగ ఒడ్డున కూర్చుంటుందని. బస కూడా ఘాట్లకు దగ్గరగా, కేదార్ ఘాట్ చుట్టుపక్కలున్న తెలుగువాళ్ళ సత్రాల్లో చూస్తున్నారు. ఆ సందుల్లోకి కారు రాదు కాబట్టి, బస ఎంత దూరమైతే ఆమెకు రోజూ అంత నడక.

మీ ఇంట్లోనూ ఇలాంటి జాబితా ఉంటే పేరు పక్కన కారణమూ నెలా రాసి, వెళ్ళే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి బుకింగు తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. రైల్వే ముందస్తు రిజర్వేషను ఇప్పుడు నూట ఇరవై రోజులు కాదు. 2024 నవంబరు 1 నుంచి అరవై రోజులే. కాశీకి అక్టోబరు 12న బయల్దేరాలంటే టికెట్లు తెరుచుకునేది ఆగస్టు 13న, ఉదయం ఎనిమిది గంటలకు.